వాచ్‌మన్ సల్యూటూ, గోడకి రంగూ

మా అపార్ట్‌మెంట్లో జనరల్ బాడీ మీటింగంటే సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు, రెండు డబ్బాల సమోసాలు, ఓ రెండు గంటల గొడవ. గొడవ దేనిమీదైనా మొదలవచ్చు. కుక్కలు, పార్కింగు, బాల్కనీలో ఆరేసిన చీర, ఏదైనా సరే. చివరికి మాత్రం ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. మెయింటెనెన్సు చదరపు అడుగుల లెక్కన వసూలు చెయ్యాలా, ఫ్లాటుకింతని అందరికీ సమానంగానా?

2025 జనవరిలో జరిగిన మీటింగులో నన్ను ట్రెజరర్ని చేశారు. "నువ్వు కంప్యూటర్ వాడివి కదా, లెక్కలు నువ్వే చూడు" అన్నారు. ఆఫీసులో డేటాబేసులు చూసుకునేవాడికి అపార్ట్‌మెంటు పద్దులు ఓ లెక్కా అని మన జనానికో నమ్మకం. అసలు కారణం వేరే ఉందని తర్వాత తెలిసింది. మాది మధ్య సైజు ఫ్లాటు. ఏ పద్ధతిలో వసూలు చేసినా నాకు నెలకి రెండొందల తేడానే. కాబట్టి నేనెటూ మొగ్గనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయన్నమాట.

కుకట్‌పల్లి దగ్గర మా బిల్డింగులో 60 ఫ్లాట్లు. 1050 అడుగులవి 24, 1450 వి 24, 1900 వి 12. మొత్తం కలిపితే 82,800 చదరపు అడుగులు. నెలకి ఖర్చు రెండు లక్షల నలభై ఎనిమిది వేల నాలుగొందలు. అందుకని మొదట్నించీ ఉన్న పద్ధతి ప్రకారం అడుక్కి మూడు రూపాయలు. చిన్న ఫ్లాటు 3,150, మాది 4,350, పెద్దది 5,700 కడుతూ వచ్చాం. అదే అందరికీ సమానంగా పంచితే తలా 4,140.

ఆ రోజు 501 ఆయన లేచి అడిగారు. "మాది 1900 అడుగులు. ఒప్పుకుంటా. మరి వాచ్‌మన్ నాకు రెండు సల్యూట్లు కొడతాడా? లిఫ్టు నన్ను రెండుసార్లు ఎక్కించుకుంటుందా?"

అందరూ నవ్వారు. 103 లో ఉండే రిటైర్డ్ మాస్టారు మాత్రం నవ్వలేదు. "వాచ్‌మన్ సంగతి నిజమే బాబూ. కానీ మీ గోడకి రంగేసేవాడు మా ఇంటికి పట్టినంత రంగుతోనే సరిపెట్టడు కదా" అన్నారు.

ఆ రోజుకి మీటింగు అక్కడితో ఆగిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు కొట్టేశారని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నా. పద్దులు తిరగేశాక అర్థమైంది, వాళ్ళిద్దరూ చెప్పింది రెండు వేర్వేరు విషయాలనీ, రెండూ కరెక్టేననీ.

పద్దుల్లో నాకు మొదట కనపడింది మెయింటెనెన్సు కాదు, కార్పస్. 2011 లో బిల్డింగు అప్పగించినప్పుడు బిల్డరు మా అందరి దగ్గరా అడుక్కి పాతిక రూపాయల చొప్పున వసూలు చేసిన కార్పస్ 20 లక్షల 70 వేలు అసోసియేషన్‌కి ఇచ్చాడు. దాన్ని ఎఫ్‌డీలో వేశారు. 2025 జనవరిలో అందులో మిగిలింది 3 లక్షల 40 వేలు. పై అంతస్తులో మూడు ఇళ్ళలో సీలింగు నానుతోంది, లిఫ్టు వారానికోసారి మొరాయిస్తోంది, మా చేతిలో ఉన్నది అంతే.

ఎవరో తినేశారని మొదట అనుమానం వస్తుంది. ఎవరూ తినలేదు, ప్రతి రూపాయికీ ఓచరు ఉంది. 2019 లో బయటి గోడలకి రంగులేయించినప్పుడు కొంత వెళ్ళింది, అది న్యాయమే. మిగతాదంతా నెలవారీ లోటు పూడ్చడానికి కరిగిపోయింది. సెక్యూరిటీ జీతాలు పెరిగాయి, కరెంటు పెరిగింది. రేటు పెంచుదామంటే మీటింగులో గొడవ. గొడవెందుకులే అని కమిటీ ప్రతి మూణ్ణెల్లకీ ఎఫ్‌డీలోంచి నలభై, యాభై వేలు తీసేది. అలా చాలా ఏళ్ళు మేం కట్టింది నిజమైన మెయింటెనెన్సు కాదు. బిల్డింగు ముసలితనం కోసం దాచిన డబ్బుతో జీతాలిచ్చుకున్నాం.

మీ అపార్ట్‌మెంట్లో ఈ జబ్బు ఉందో లేదో కనిపెట్టడం చాలా సులువు. పెద్ద రిపేరేదీ జరగని ఏడాది తీసుకోండి. ఆ ఏడాది ఎఫ్‌డీ బ్యాలెన్సు వడ్డీతో పెరగాలి. తగ్గిందంటే మీ నెలవారీ రేటు అబద్ధం చెబుతోందని అర్థం.

సరే, కార్పస్ ఎంత ఉండాలి? చాలాచోట్ల "తలా ఓ పదివేలు వేద్దాం" అని ఏదో గుండ్రటి అంకె అనేసుకుంటారు. నేను ప్లంబరునీ ఎలక్ట్రీషియన్నీ వెంటేసుకుని రెండు ఆదివారాలు బిల్డింగంతా తిరిగి, ఎప్పటికైనా మార్చక తప్పనివి రాసుకున్నా. ఒక్కోదానికి కొటేషన్లు తెచ్చి, ఎన్నేళ్ళు వస్తుందో, ఇప్పటికి ఎన్నేళ్ళయిందో పక్కన వేశా.

బయటి రంగు 14 లక్షలు, ఏడేళ్ళు. టెర్రస్ వాటర్‌ప్రూఫింగు 9 లక్షలు, పదేళ్ళు. రెండు లిఫ్టులూ కలిపి 24 లక్షలు, ఇరవయ్యేళ్ళు. జనరేటరు 8 లక్షలు, పదహారేళ్ళు. నీళ్ళ, డ్రైనేజీ పైపులు 12 లక్షలు, ఇరవయ్యేళ్ళు. మోటార్లు 2 లక్షలు, ఐదేళ్ళు. కెమెరాలు, ఫైర్ సామాన్లు 3 లక్షలు, పదేళ్ళు.

ఒక్కోదాని ఖరీదుని దాని ఆయుష్షుతో భాగించి అన్నీ కూడితే ఏడాదికి 5 లక్షల 90 వేలు వచ్చింది. అంటే అడుక్కి నెలకి సుమారు 60 పైసలు. రేట్లు ఏటా పెరుగుతాయి కదా అంటారేమో. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ ఆ పెరుగుదలకి సరిపోతుందని అనుకున్నా. అది అనుకోవడమే కాబట్టి మూడేళ్ళకోసారి కొత్త కొటేషన్లతో లెక్క మళ్ళీ చెయ్యాలని మినిట్స్‌లో రాయించా.

ఇది ఇకముందు సంగతి. ఇప్పటికే వాడేసుకున్నదాని మాటేమిటి? ఇరవయ్యేళ్ళ లిఫ్టుని పద్నాలుగేళ్ళు ఎక్కామంటే, దాని ఖరీదులో ఇరవైలో పద్నాలుగో వంతులు ఖర్చు పెట్టేసినట్టే. అంత డబ్బు ఇవాళ బ్యాంకులో ఉండాలి. ఎక్సెల్లో ఇది ఒక్క లైను. B లో ఖరీదు, C లో వయసు, D లో ఆయుష్షు.

```
=SUMPRODUCT(B2:B8, C2:C8/D2:D8)
```

(ఆయుష్షు దాటిపోయినవాటికి C లో కూడా ఆయుష్షే వెయ్యాలి. మా టెర్రస్‌కి పద్నాలుగేళ్ళయినా పదే వేశా. లేకపోతే ఖరీదు కన్నా ఎక్కువ వస్తుంది.)

వచ్చిన జవాబు 55 లక్షల 60 వేలు. ఉన్నది 3 లక్షల 40 వేలు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఈ లిస్టు తయారవుతున్నప్పుడే పంపకం సంగతి కూడా తేలింది. నెలనెలా కట్టేది సేవకి. వాచ్‌మన్ కాపలా, ఊడ్చడం, లిఫ్టు నడవడం, ఈ నెల నీళ్ళు. ఇంట్లో ఉండేవాడు వాడుకుంటాడు, నెలాఖరుకి అయిపోతుంది. కార్పస్ కట్టేది ఆస్తికి. లిఫ్టు మారినా టెర్రస్ బాగుపడినా విలువ పెరిగేది ఓనరు ఆస్తికి, అదీ అతని వాటా మేరకు. 501 ఆయన మాట్లాడింది సేవ గురించి, మాస్టారు మాట్లాడింది ఆస్తి గురించి. మేం పద్నాలుగేళ్ళూ రెంటినీ ఒకే రసీదులో కలిపి, రెంటికీ ఒకే సూత్రం కోసం కొట్టుకున్నాం.

అద్దెకుండేవాళ్ళని చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. మా 204 లో నలుగురు కుర్రాళ్ళు అద్దెకుంటారు. వాచ్‌మన్ జీతంలో వాటా వాళ్ళు కట్టడం న్యాయం. ఇరవయ్యేళ్ళు వచ్చే లిఫ్టు కోసం, పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్నవాళ్ళు ఎందుకు కట్టాలి? అది ఓనరు కట్టాలి. రసీదులో రెండూ విడివిడి లైన్లుగా లేకపోతే ఓనర్లు మొత్తం అద్దెవాళ్ళ మీదే తోసేస్తారు.

చట్టాలు ఏమంటాయో కూడా కాస్త చదివా. మహారాష్ట్రలో కోఆపరేటివ్ సొసైటీ కేసులో, 2003 లో, బాంబే హైకోర్టు ఫ్లాటు సైజుతో పని లేకుండా మెయింటెనెన్సు సమానంగా ఉండాలంది. అదే రాష్ట్రంలో 1970 నాటి అపార్ట్‌మెంటు ఓనర్‌షిప్ చట్టం కిందకొచ్చే బిల్డింగుల్లో మాత్రం ఉమ్మడి ఖర్చు అన్‌డివైడెడ్ షేరు ప్రకారం పంచాలి. అక్కడి సొసైటీల నమూనా బైలాస్ ఇంకా ముచ్చటగా ఉంటాయి. లిఫ్టు ఖర్చు సమానంగా, నీళ్ళు కుళాయిల లెక్కన, సింకింగ్ ఫండు మాత్రం ఫ్లాటు నిర్మాణ ఖర్చు మీద ఏడాదికి కనీసం పావు శాతం. అంటే ఒకే బిల్లులో ఒక్కో పద్దుకి ఒక్కో సూత్రం. అవేవీ హైదరాబాదులో మాకు వర్తించవు. మాకు మా అసోసియేషన్ బైలాస్ ఉన్నాయి. వాటిలో "కమిటీ నిర్ణయించిన విధంగా" అని ఒక్క ముక్క రాసి ఉంది, అంతే. కానీ పద్దుకో సూత్రం పెట్టుకోవడం వింతేమీ కాదని మీటింగులో చెప్పడానికి అవి పనికొచ్చాయి.

రెండో మీటింగుకి ముందు నెలవారీ ఖర్చుని మూడు ముక్కలు చేశా.

మొదటిది మనిషికీ వైశాల్యానికీ సంబంధం లేనిది. సెక్యూరిటీ, మేనేజరు జీతం, లిఫ్టు ఏఎంసీ. అది 1,11,000. అరవై ఫ్లాట్లకీ సమానంగా తలా 1,850.

రెండోది నీళ్ళు, జలమండలి బిల్లూ టాంకర్లూ కలిపి 48,000. మీటర్లు పెట్టొచ్చు కదా అంటారు. కొత్త బిల్డింగుల్లో సులువే. మాలాంటి పాతవాటిల్లో ట్యాంకు నుంచి ప్రతి బాత్రూముకీ వంటింటికీ విడివిడిగా పైపులు దిగుతాయి. ఒక్కో ఇంటికి మూడు నుంచి ఐదు మీటర్లు కావాలి. మొత్తం 228 మీటర్లు, ఐదు లక్షల పైన ఖర్చు. టెర్రస్ కారుతుంటే ముందు మీటర్లు కొనలేం. అందుకని తలల లెక్క పెట్టుకున్నాం. రిజిస్టరులో 216 మంది, తలకి 222. పదిహేను రోజులు దాటి ఉన్న చుట్టం కూడా తలే. ఈ రూలు మీద నడిచిన జోకులు రాయాలంటే ఇంకో టపా అవుతుంది :-)

మూడోది ఊడ్చేవాళ్ళు, కామన్ కరెంటు, డీజిలు, చిల్లర ఖర్చులు. ఇది 89,400. నా లెక్క ప్రకారం ఇందులో ఎక్కువ భాగం సమానంగానే పంచాలి. కాగితం మీద అలాగే పెట్టా. మీటింగుకి ముందురోజు మాస్టారు మా ఇంటికొచ్చారు. టీ తాగి, కాగితం రెండుసార్లు చదివి, అన్నారు.

"నీ లెక్కలో తప్పు లేదు నాయనా. కానీ ఈ ఇల్లు కొన్నప్పుడు అడుక్కింతని చెప్పారు. చిన్నది కొన్నదే నెలనెలా తక్కువ పడుతుందని. పెన్షన్ మీద బతికేవాణ్ణి, పద్నాలుగేళ్ళ తర్వాత సూత్రం మారిస్తే ఎట్లా?"

దీనికి నా ఎక్సెల్లో జవాబు లేదు. న్యాయంగా పంచడం ఒకటి, జనం దేన్ని నమ్ముకుని ఇల్లు కొన్నారన్నది ఇంకోటి. ఆ మూడో ముక్కని అడుగుల లెక్కనే ఉంచేశా. అడుక్కి రూపాయి ఎనిమిది పైసలు. ఇది సిద్ధాంతం కాదు, బేరం. మీటింగులో కూడా బేరమనే చెప్పా. సిద్ధాంతమని చెప్పి ఉంటే 501 ఆయన ఐదు నిమిషాల్లో చీల్చి చెండాడేవారు. బేరమనేసరికి కాసేపు ఆలోచించి "సరే కానివ్వండి" అన్నారు.

కార్పస్ మాత్రం పూర్తిగా చదరపు అడుగుల మీదే. నెలకి 60 పైసల చొప్పున చిన్న ఫ్లాటుకి 630, మాకు 870, పెద్దదానికి 1,140. అడుగులు కూడా బ్రోచరులోవి కాదు, సేల్ డీడులో ఉన్నవి. రెంటికీ తేడా ఉన్న ఇళ్ళు ఐదు తేలాయి. ముందే డీడు కాపీలు తీసుకోవడం మంచిదైంది.

ఇక్కడ గ్రౌండ్ ఫ్లోరు పైన ఉన్న 101 వాళ్ళు అడ్డు తగిలారు. "లిఫ్టు మేం ఎక్కం, టెర్రస్ మా నెత్తిన లేదు, మేమెందుకు కట్టాలి?" ఈ ప్రశ్న ప్రతి అపార్ట్‌మెంట్లోనూ వస్తుంది. జవాబు సేల్ డీడులోనే ఉంది. టెర్రస్ పై అంతస్తు వాళ్ళది కాదు, అందరి ఉమ్మడి ఆస్తి. రేపు బిల్డింగు పడగొట్టి కట్టుకుంటే 101 కి వచ్చేది వాళ్ళ గజాల వాటా. టెర్రస్‌లోంచి దిగిన నీరు స్లాబు ఇనుముని తుప్పు పట్టిస్తే తగ్గేది ఆ వాటా విలువే.

చివరికి పాత బాకీ. 55 లక్షలూ ఒక్కసారి అడిగితే నన్ను సెల్లార్లోనే పాతేసేవారు. అందుకని ఆ ఏడాది తప్పనివి రెండే తీసుకున్నాం. టెర్రస్ 9 లక్షలు, రంగు 14 లక్షలు. చేతిలో ఉన్నది పోను 19 లక్షల 60 వేలు. అడుక్కి 24 రూపాయలు. చిన్న ఫ్లాటుకి 25,200, మాకు 34,800, పెద్దదానికి 45,600. సమానంగా వేస్తే తలా 33 వేలు దాకా అయ్యేది. అంటే మాస్టారి మీద ఇంకో ఏడెనిమిది వేలు పడేవి. సగం ఫిబ్రవరిలో, సగం అక్టోబరులోగా అన్నాం. మొదటి సగంతో వానలకి ముందే టెర్రస్, రెండో సగంతో వానలయ్యాక రంగు. లిఫ్టుకీ జనరేటరుకీ ఇప్పటికీ తక్కువే ఉంది. జనరేటరు టైము దగ్గర పడింది, ఇంకోసారి చెయ్యి చాపక తప్పదు. ఆ మాట దాచకుండా నోటీసు బోర్డులో పెట్టేశాం.

కొత్త బిల్లులు ఎలా వచ్చాయంటే, మాస్టారూ వాళ్ళావిడా ఉండే ఇంటికి అన్నీ కలిపి 4,058. ఇదివరకు 3,150. పిల్లలు అమెరికాలో ఉండి 1900 అడుగుల ఇంట్లో ఒక్కతే ఉండే 502 పెద్దావిడకి 5,264. ఆవిడ ఇదివరకు 5,700 కట్టేది. ఆరుగురున్న ఒక 1450 ఫ్లాటుకి 5,618, అంటే 1,268 పెరిగింది. వాళ్ళు నాతో నెల రోజులు మాట్లాడలేదు. నాకూ 824 పెరిగింది కాబట్టి మా ఆవిడ కూడా మాట్లాడలేదు.

చిన్న ఇళ్ళకి పెరిగిందంటే అన్యాయంలా కనిపిస్తుంది. మాస్టారి బిల్లులో పెరిగిన 908 లో 630 కార్పసే. అది ఇన్నాళ్ళూ కట్టాల్సి ఉండీ ఎవరం కట్టనిది. ఆ లైను విడిగా కనపడకపోతే ఆయన మొత్తం కొత్త పద్ధతినే తిట్టుకునేవారు.

కార్పస్‌కి ఇప్పుడు వేరే బ్యాంకు ఖాతా ఉంది. లిస్టులో ఉన్న పనికి తప్ప, అదీ జనరల్ బాడీ తీర్మానం లేకుండా, అందులోంచి తియ్యకూడదు. వడ్డీ అందులోనే ఉండాలి. ఫ్లాటు అమ్ముకుంటే కట్టినది వెనక్కి రాదు, ఫ్లాటుతో పాటే పోతుంది. ఇదేం అన్యాయమని ఒకాయన అడిగారు. మొన్న ఆయనే ఇల్లు అమ్ముతుంటే కొనేవాళ్ళు టెర్రస్ చూసొచ్చి, కార్పస్ ఖాతా స్టేట్‌మెంటు అడిగారు. నేను ప్రింటు తీసిచ్చా.

ఫిబ్రవరిలో మొదటి వాయిదాకి మాస్టారు చెక్కు పట్టుకొచ్చారు. పెన్షనర్లకి కొంత తగ్గిద్దామని కమిటీలో అనుకుంటున్నాం అని చెప్పా. ఆయన ఒప్పుకోలేదు.

"తగ్గిస్తే ఆ డబ్బు ఇంకెవరో కట్టాలి కదా బాబూ. వాయిదా ఇచ్చారు, అది చాలు."

చెక్కు 12,600 కి. రసీదు రాసిస్తూ గమనించా, చెక్కు వెనకాల పెన్సిల్‌తో చిన్న లెక్క వేసుకున్నారు. 1050 ఇంటు 12. నా ఎక్సెల్‌ని నమ్మకుండా ఆయనే ఓసారి సరిచూసుకున్నారన్నమాట.